అనంత గుణశ్రేఢి: రెండు జవాబులు వస్తున్నాయి, కీ ఒకటే ఇచ్చింది

జేఈఈ మెయిన్ మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది. ఒక గుణశ్రేఢిలో అనంత పదాల మొత్తం 9, రెండో పదం 2. మొదటి మూడు పదాల మొత్తం ఎంత? ఆప్షన్లు 26/3, 19/3, 7, 8. ఒక్కటే టిక్ చేయాలి.

నేను చేసింది ఇలా:

```
a/(1 - r) = 9,  ar = 2
9r(1 - r) = 2
9r² - 9r + 2 = 0
r = 1/3 లేదా 2/3
```

r = 1/3 అయితే a = 6, శ్రేఢి 6, 2, 2/3, మూడింటి మొత్తం 26/3. r = 2/3 అయితే a = 3, శ్రేఢి 3, 2, 4/3, మొత్తం 19/3. వెనక్కి వెళ్లి సరిచూశాను, 6/(2/3) కూడా 9, 3/(1/3) కూడా 9. రెండిట్లోనూ |r| < 1 కాబట్టి అనంత మొత్తం సూత్రం వాడటానికి అడ్డేమీ లేదు.

కీలో మాత్రం 26/3 ఇచ్చి, "శ్రేఢి తగ్గుతోంది కాబట్టి r = 1/3" అని ఒక్క లైన్ రాశారు. కానీ రెండో శ్రేఢి కూడా తగ్గేదే కదా! పైగా ప్రశ్నలో తగ్గుతుందని ఎక్కడా లేదు. నాకు అర్థమైనంతవరకు r ఒక మూలమైతే 1 - r రెండోది, ఎందుకంటే r(1 - r) విలువ మారదు. రెండో పదం రుణాత్మకమైతే ఒక మూలం 1 దాటి దానంతటదే పోతుంది, ఇక్కడ అలా కూడా పోవట్లేదు. అబ్జెక్షన్ పెట్టేముందు ఖాయం చేసుకోవాలి.

ఇచ్చిన ప్రశ్నలోంచే r = 2/3ని కొట్టేయడానికి నాకు కనపడని షరతు ఏదైనా ఉందా?