‘బ్యాంకు నిల్వల సమన్వయం’లో సమన్వయం అంటే దిద్దడమేనా?

సుజాత: కామర్స్ పాఠాల్లో ‘బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక’ అని చదువుతున్నాం. నాకు ‘సమన్వయ’ దగ్గరే అనుమానం. నేను చేస్తున్న లెక్కలో నెలాఖరుకు నగదు పుస్తకంలో బ్యాంకు నిల్వ 84,500 ఉంది. స్టేట్‌మెంట్‌లో అదే రోజుకు 95,000 ఉంది. ఒకదాన్ని దిద్ది రెండోదానికి సమానం చేయమనేనా దీని అర్థం? అలాగైతే ‘సవరణ పట్టిక’ అనొచ్చు కదా?

ప్రసాద్: దిద్దడమేనండీ. బ్యాంకు లెక్క తప్పదు కాబట్టి స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, తేడా వచ్చినవన్నీ మన పుస్తకంలో రాసేసుకోవాలి. రెండూ ఒకటైతే పని అయిపోయినట్టే.

రమణమూర్తి: ప్రసాద్ గారూ, సగం వరకే ఒప్పుకుంటాను. మనం చెక్కు రాసి ఇచ్చిన రోజే నగదు పుస్తకంలో తగ్గించేస్తాం. బ్యాంకు మాత్రం ఆ చెక్కు తన దగ్గరికి వచ్చాకే తగ్గిస్తుంది. అలాగే మనకొచ్చిన చెక్కు జమకు పంపిన రోజే మనం కలుపుకుంటాం, బ్యాంకు అది వసూలయ్యాక కలుపుతుంది. ఈ తేడాల్లో ఎవరి తప్పూ లేదు, రోజులే వేరు. సుజాత గారూ, మీ లెక్కలో అలాంటివి ఎంత ఉన్నాయి?

సుజాత: ఇచ్చినా ఇంకా బ్యాంకుకు రాని చెక్కులు 18,000. జమకు పంపినా వసూలు కానివి 7,500.

రమణమూర్తి: అయితే చూడండి: 84,500కు 18,000 కలిపి 7,500 తీసేస్తే సరిగ్గా 95,000. పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదు, తేడాకు కారణం మాత్రం తెలిసింది. ఇవి వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో వాటంతట అవే సర్దుకుంటాయి. వీటి కోసం మన పుస్తకంలో 18,000 మళ్లీ కలిపేశామనుకోండి, వేరేవాళ్లకు ఇచ్చేసిన డబ్బు ఇంకా మనదే అనుకుని ఖర్చు పెట్టేస్తాం. ఆ చెక్కులు వచ్చిన రోజు ఖాతాలో డబ్బు ఉండదు. అందుకే ‘సవరణ’ అన్న మాట నాకు నచ్చదు.

మాధవి: మా సంఘం లెక్కలు నేనే చూస్తాను. మేం కట్టిన డబ్బు మా పుస్తకంలో డెబిట్, స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ అని ఉంది. బ్యాంకు తిరగేసి రాసింది. దీన్ని కూడా పట్టికలో చూపాలా?

రమణమూర్తి: అక్కర్లేదమ్మా. అది తేడా కాదు. మీకు ఆ డబ్బు బ్యాంకు నుంచి రావాల్సింది, బ్యాంకుకు మీకు ఇవ్వాల్సింది. ఒకే లావాదేవీని ఇద్దరూ తమ తమ వైపు నుంచి రాసుకున్నారు, అంతే.

ప్రసాద్: సరే, 95,000 వచ్చేసింది కదా. ఇక సుజాత గారి లెక్కలో చూడాల్సింది ఏముంది?

రమణమూర్తి: మొత్తాలు కలిశాయని ఆపేస్తేనే ప్రమాదం. సుజాత గారూ, ఒక్కో పద్దునూ స్టేట్‌మెంట్‌తో పోల్చి టిక్ పెట్టారా?

సుజాత: ఇప్పుడే పెట్టాను. రెండు మిగిలాయి! బ్యాంకు చార్జీలు 450 మా పుస్తకంలో లేనేలేవు. ఒక చెక్కు బ్యాంకులో 5,490, పుస్తకంలో 5,940. చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్‌లో కూడా 5,490యే ఉంది.

రమణమూర్తి: చూశారా, చార్జీలు రాయకపోవడం వల్ల పుస్తకంలో 450 ఎక్కువ, అంకెలు తారుమారవడం వల్ల 450 తక్కువ. ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. ఈ రెండింటికీ నగదు పుస్తకంలో పద్దు రాయాల్సిందే. నిల్వ 84,500 గానే ఉంటుంది కానీ చార్జీల ఖర్చూ, ఆ చెక్కు తీసుకున్నవారి ఖాతా సరవుతాయి. ఇక్కడ ప్రసాద్ గారి ‘దిద్దడం’ నిజమే. చార్జీలు ఒక్కటే పట్టుకుని రాసి ఉంటే 450 తేడా బయటపడేది. అది 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ అలాగే ఉంటుంది. అయితే అది అనుమానానికే, రుజువుకు కాదు. ఇతర కారణాల వల్ల కూడా 450 రావచ్చు.

ప్రసాద్: మొత్తం కలిశాక కూడా టిక్ పెట్టాలన్నది ఒప్పుకుంటున్నాను. బ్యాంకు తప్పదన్న మాట మాత్రం వదలను.

రమణమూర్తి: వేరేవాళ్ల చెక్కు మన ఖాతాలో పడటం నేను చూశాను. అరుదే, కానీ అప్పుడు దిద్దాల్సింది బ్యాంకే. రాతపూర్వకంగా చెప్పి, వాళ్లు సరిచేసేదాకా పట్టికలో చూపుతాం.

భాస్కర్: వాటంతట అవే సర్దుకుంటాయన్నారు. మా ఆఫీసు పట్టికలో ఒక చెక్కు నెలల తరబడి ‘బ్యాంకుకు రానిది’గానే ఉంది. గడువు దాటిపోయింది. ఆ పద్దు రద్దు చేసి ఆదాయంలో వేయమని మా మేనేజరు అంటున్నారు.

రమణమూర్తి: పద్దు రద్దు చేయడం సరే. ఆదాయం అనడమే ఒప్పుకోను. చెక్కు చెల్లకపోయినంత మాత్రాన బాకీ తీరిపోదు కదా. బ్యాంకు నిల్వ పెంచి, వాళ్లకు ఇవ్వాల్సినదిగా చూపండి. ఆ తర్వాత ఎన్నాళ్లు అలా ఉంచాలన్నది మీ దగ్గరి చట్టాన్ని బట్టి ఉంటుంది.

భాస్కర్: మేనేజరు ఒప్పుకుంటారో లేదో. ముందు చెక్కు తీసుకున్నవాళ్లకు ఫోన్ చేసి, అది ఎక్కడుందో కనుక్కుంటాను.