రొయ్యల వేపుడు రెసిపీ ఇంగ్లీషులో: కార్న్ ఫ్లోర్ అనాలా, కార్న్‌స్టార్చ్ అనాలా?

ఎంవీపీ రాధ: మన విశాఖ రొయ్యల వేపుడు రెసిపీని ఇంగ్లీషులో రాస్తున్నాను. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వాళ్లు కూడా చదువుతారు. అర కిలో రొయ్యలకు మూడు టేబుల్ స్పూన్ల కార్న్ ఫ్లోర్, రెండు మైదా, చివర్లో కొత్తిమీర. ఏ దేశం మాటలు వాడాలి?

భీమిలి కెరటం: మన మాటలే వాడండి రాధగారూ. మన దేశంలో ఇంగ్లీషు చదివేవాళ్లు కోట్లలో ఉన్నారు. ప్యాకెట్ మీద కార్న్ ఫ్లోర్ అని ఉంటే రెసిపీలోనూ అదే ఉండాలి. ఇంగ్లండులోనూ అదే మాట. అమెరికావాడు ఒక్కడే వేరుగా అంటాడు, వాడే వెతుక్కుంటాడు.

సీతమ్మధార లలిత: వాడు వెతుక్కోడు కెరటంగారూ, ఇబ్బందంతా అక్కడే. అమెరికా దుకాణంలో కార్న్ ఫ్లోర్ అనే పేరుతోనే వేరే సరుకు దొరుకుతుంది. అది మొక్కజొన్న గింజను మెత్తగా ఆడించిన పిండి. సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది, మొక్కజొన్న వాసన వస్తుంది. మనం వాడేది గింజలోంచి తీసిన తెల్లని గంజిపొడి. వేళ్ల మధ్య నలిపితే కిర్రుమంటుంది. అక్కడ దాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు. రెసిపీలో ఉన్న పేరే ప్యాకెట్ మీద కనబడితే చదివేవాడికి అనుమానం ఎందుకొస్తుంది? కొనేసి కలిపేస్తాడు.

గాజువాక శ్రీను: కలర్ అనే మాటలో యు పెట్టాలా వద్దా అని కదా అడుగుతున్నారు? ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అలాగే ఉంచండి.

సీతమ్మధార లలిత: స్పెల్లింగ్ మారితే కూర పాడవదు శ్రీనుగారూ, సరుకు మారితే పాడవుతుంది.

భీమిలి కెరటం: పిండి కాస్త పసుపైతే మునిగిపోయేదేముంది? వేపుడే కదా, పులుసు కాదు.

సీతమ్మధార లలిత: వేపుడులోనే తేడా ఎక్కువ తెలుస్తుంది. గంజిపొడి రొయ్యకు పల్చగా పట్టి నూనెలో గలగలలాడేలా వేగుతుంది. గింజపిండిలో పొట్టు, కొవ్వు కూడా ఉంటాయి కాబట్టి పూత గరుకుగా, బరువుగా వస్తుంది, పంటికింద రవలా తగులుతుంది. సాస్ చిక్కబరచడానికి వాడితే ఇంకా తేలిగ్గా బయటపడుతుంది. గంజిపొడిని చన్నీళ్లలో కలిపి మరిగిస్తే నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. గింజపిండి మబ్బుగానే ఉండిపోతుంది, అడుగున గసిలా దిగుతుంది.

ఆస్ట్రేలియా సంగతి ఇంకో రకం. అక్కడ కార్న్ ఫ్లోర్ పేరుతో గోధుమ గంజిపొడి కూడా అమ్ముతారు. దానికి వీటెన్ కార్న్‌ఫ్లోర్ అని పేరు. రాధగారు రేపు మైదా తీసేసి, గోధుమ పడనివాళ్లకూ పనికొస్తుందని ఈ రెసిపీలో రాస్తే, ఆ ఒక్క మాట వల్ల ఎవరికో ఒంట్లో బాగుండదు. కార్న్‌స్టార్చ్ అమెరికా మాటే, కాదనను. కానీ ఏ దేశంలోనూ దానికి రెండో అర్థం లేదు. అందుకే దాన్ని ఎంచుకుంటాను.

మద్దిలపాలెం మాస్టారు: అయితే అన్నీ అమెరికా మాటలే పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా. బ్రింజాల్‌కు ఎగ్‌ప్లాంట్, కొత్తిమీరకు సిలాంట్రో. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, దానికి ఇవే అలవాటు.

సీతమ్మధార లలిత: మాస్టారూ, సగం వరకు మీతో వస్తాను. కోరియాండర్ అని ఒక్క మాట రాస్తే అమెరికాలో ధనియాలనో ధనియాల పొడినో అనుకుంటారు. రెండు టేబుల్ స్పూన్ల కొత్తిమీర తరుగు వేయాల్సినచోట అంత ధనియాల పొడి పడితే వేపుడు చేదెక్కుతుంది. అలాగని సిలాంట్రో అంటే ఆ మాట పరిచయం లేనివాళ్లు ఇక్కడే బోలెడుమంది. ఫ్రెష్ కోరియాండర్ లీవ్స్, చాప్డ్ అని రాస్తే మూడు దేశాలవాళ్లకూ ఆకు అనే తెలుస్తుంది. ఇందులో అమెరికా మాట గెలవక్కర్లేదు.

బ్రింజాల్‌తో మాత్రం నాకు పేచీ లేదు. తెలియనివాడు ఆ మాట దగ్గర ఆగుతాడు, వెతుకుతాడు, వంకాయ బొమ్మ చూస్తాడు, తెచ్చుకుంటాడు. మనం జాగ్రత్తపడాల్సింది ఆగకుండా దాటిపోయే మాటల దగ్గర. కర్డ్ అలాంటిదే. మనకు పెరుగు. బయట చాలామందికి అది విరిగిన పాల ముద్ద. మజ్జిగపులుసుకు కప్పు కర్డ్ అని రాస్తే వాళ్లు జున్నుకు దగ్గరగా ఉండేదేదో తెచ్చుకుంటారు. అక్కడ ప్లెయిన్ యోగర్ట్ అనాల్సిందే. లేడీస్ ఫింగర్ కూడా అంతే, ఆ పేరుకు దగ్గరగా వాళ్లకో స్పాంజి బిస్కెట్ ఉంది.

భీమిలి కెరటం: ఇదీ వరస! కర్డ్ పోయింది, లేడీస్ ఫింగర్ పోయింది, రేపు బ్రింజాల్ కూడా పోతుంది. పోయినేడాది ఒక విదేశీ వంటల సైటుకు గుత్తివంకాయ రెసిపీ పంపాను. ఒక్క మాటైనా అడగకుండా బ్రింజాల్ ఉన్న ప్రతిచోటా మార్చేశారు. కింద నా పేరు ఉంది కానీ, చదివితే నేను రాసినట్టే లేదు. ఫ్రెంచివాడి మాట, ఇటలీవాడి మాట ఇంగ్లీషులో యథాతథంగా ఉంటాయి, ఎవరూ మార్చరు. మన మాట దగ్గరికి వచ్చేసరికే అర్థం కాదంటారు. ఎప్పుడూ మనమే ఎందుకు వంగాలండీ?

సీతమ్మధార లలిత: అడగకుండా మార్చడం తప్పే. ఆ కోపం నాకూ ఉంది. కానీ మీరు అడుగుతున్నది మన మాటకు గౌరవం గురించి. నేను చెబుతున్నది మూకుట్లో ఏం పడుతుందో దాని గురించి. గుత్తివంకాయ అనే పేరు శీర్షికలో అలాగే ఉండాలి, దానికోసం మీతో కలిసి నేనూ పోట్లాడతాను. కార్న్ ఫ్లోర్ మన మాట కాదు కదా, ప్యాకెట్ కంపెనీ అచ్చేసిన మాట. దానికోసం నేను పట్టుబట్టను.

భీమిలి కెరటం: వాడేది మనమైతే అది మన మాటే. నా లెక్క అదే.

మద్దిలపాలెం మాస్టారు: బ్రాకెట్లో రెండో మాట పెడితే ఇద్దరికీ సరిపోదా?

సీతమ్మధార లలిత: సరుకుల జాబితాలో ఒక్కసారి పెడితే చాలు మాస్టారూ, ఆ తరవాత చివరిదాకా ఒకే మాట. తరవాతి వరుసల్లో చాలామంది యాడ్ ద ఫ్లోర్ అని ఊరుకుంటారు. ఈ రెసిపీలో మైదా కూడా ఉంది, ఏ ఫ్లోర్ అని చదివేవాడు తికమకపడతాడు. ఒకచోట యోగర్ట్, ఇంకోచోట కర్డ్ అన్నా అంతే, అవి రెండు వేర్వేరు సరుకులనుకుంటాడు. ఇంకొకటి రాధగారూ, ఆస్ట్రేలియా టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, మనది 15. పిండ్లకు పక్కన గ్రాములు కూడా రాయండి.

ఎంవీపీ రాధ: కార్న్‌స్టార్చ్, ఫ్రెష్ కోరియాండర్ లీవ్స్ ఖాయం చేస్తున్నాను. శీర్షికలో రొయ్యల వేపుడు అనే పేరే ఉంటుంది. మరి ప్రాన్స్ అనాలా, ష్రింప్ అనాలా? 30 కౌంట్ రొయ్యలకు మూడు నిమిషాలు వేయించాలని రాశాను.

హార్బర్ అప్పలరాజు: అక్కా, ప్రాన్స్ అన్నా ష్రింప్ అన్నా ఎవరికైనా తెలుస్తుంది, తిప్పలంతా కౌంట్‌తోనే. మన చెరువుల దగ్గర 30 కౌంట్ అంటే తలతో సహా కిలోకు ముప్పై, ఒక్కోటి సుమారు 33 గ్రాములు. అమెరికా ప్యాకెట్ మీద కౌంట్ పౌనుకు లెక్క, ఎక్కువగా తల తీసినవే. పౌనుకు ముప్పై అంటే ఒక్కోటి 15 గ్రాములే. మీ మూడు నిమిషాలకు అవి రబ్బరులా సాగుతాయి. కౌంట్ అనే మాట తీసేసి, ఒలిచిన రొయ్య ఒక్కోటి ఎన్ని గ్రాములో రాయండి.

భీమిలి కెరటం: కౌంట్ విషయంలో అప్పలరాజు చెప్పినదానికి ఒప్పుకుంటాను. బ్రింజాల్ విషయంలో మాత్రం ఒప్పుకోను.