p = 0.048 వచ్చింది, రిపోర్టులో వాక్యం ఎలా రాయాలి?

నేను బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం. ఉప్పునీళ్లు పెసర మొలకల ఎదుగుదలను తగ్గిస్తాయా అని చూశాను. 10 కప్పులకు మామూలు నీళ్లు, 10 కప్పులకు ఉప్పునీళ్లు పోశాను, కప్పుకు ఒకే మొలక. ఏడో రోజు స్కేలుతో కాండం పొడవు కొలిచాను. మామూలు నీళ్లలో సగటు 14.2 సెం.మీ. (ప్రామాణిక విచలనం 2.1), ఉప్పునీళ్లలో 12.3 (1.9). టీ-టెస్ట్ చేస్తే t(18) = 2.12, p = 0.048 వచ్చింది.

రిపోర్టులో "ఉప్పు ప్రభావం లేకపోవడానికి 4.8% మాత్రమే అవకాశం ఉంది" అని రాశాను. మేడమ్ దాని చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పక్కన "కాదు" అని రాసి ఇచ్చేశారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు!

ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది: ఉప్పు ప్రభావం అసలు లేదని ముందే అనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 4.8%. అంటే ఆ "లేదు" అన్న మాట నిజమా కాదా అన్నది p చెప్పదు. సరేనా?

ఇప్పుడిలా మార్చాను: "ఉప్పునీళ్ల మొలకలు సగటున 1.9 సెం.మీ. పొట్టిగా ఉన్నాయి (95% విశ్వాస అంతరం 0.02 నుంచి 3.78; t(18) = 2.12, రెండు వైపుల p = 0.048)."

ఆ 0.02 చూస్తేనే టెన్షన్‌గా ఉంది. తేడా దాదాపు సున్నా కూడా కావచ్చని చర్చలో ఒప్పుకోవాలా? వేళ్ల పొడవుకు p = 0.21 వచ్చింది. దానికి "ప్రభావం లేదు" అనాలా, "తేడా ఉందని తేలలేదు" అనాలా?