సంఘంలో అంతా సాఫ్ట్‌వేరే ఉంటే సివిల్ వాళ్లని ఎట్ల కలవాలె?

మిర్యాలగూడ_సివిల్:
డాలస్‌ల సివిల్ మాస్టర్స్ చివరి సెమిస్టర్. రోడ్లు, వాన నీటి డ్రైనేజీ నా లైను. ఇంజనీరు లైసెన్సుకు తొలి మెట్టయిన ఎఫ్‌ఈ పరీక్ష పాసైన. ఇక్కడి తెలుగు సంఘంల చేరుదామనుకుంటున్న, కానీ కనబడేటోళ్లంతా ఐటీ. సంఘంల ఏ పని అడిగి తీసుకుంటే నా లైనుకు పనికొస్తది?

నల్లగొండ_రిటైర్డ్_డీఈ:
తమ్మీ, జీవిత సభ్యత్వం తీసుకో. తానా, ఆటా మహాసభలు రెండేళ్లకోసారి అయితయి, తప్పకుండ పో. మన పీఈలు, అంటే లైసెన్సు ఉన్న ఇంజనీర్లు, అక్కడ కలుస్తరు. రేపు నీ పీఈ లైసెన్సుకు సంతకాలు వాళ్లే పెడతరు.

దేవరకొండ_పీఈ:
సర్, మహాసభల్లో మన ఇంజనీర్లు కలిసేది నిజమే. సంతకం సంగతి మాత్రం అట్ల నడవదు. లైసెన్సు పరీక్షలు పెట్టే ఎన్‌సీఈఈఎస్ దగ్గర రికార్డుకు ఐదుగురి రెఫరెన్సులు కావాలె, అందులో ముగ్గురు పీఈలు ఉండాలె. వాళ్లు మీ పనిని దగ్గరి నుంచి ఎరిగినోళ్లు కావాలె. మన జిల్లావాడని సంతకం పెడితే ఆ పీఈ లైసెన్సుకే ముప్పు.

కాబట్టి మిర్యాలగూడ తమ్ముడూ, తొలి ఇంటర్వ్యూలోనే ఆఫీసుల ఎంతమంది పీఈలు ఉన్నరో అడుగు. ఒక్కరే ఉన్న చిన్న కంపెనీ అయితే మిగతా ఇద్దరు సిటీ, కౌంటీ తరఫున నీ డ్రాయింగులు చూసేవాళ్లలో దొరకాలె. వాళ్లు సంఘం పండుగల్లో కనబడరు.

పాలమూరు_అక్క:
ఏ పని అడగాలె అన్నదానికి నా జవాబు: బతుకమ్మకు హాలు, పర్మిషన్ల పని అడుగు. వంట, స్టేజి, పిల్లల డాన్సులు అన్నీ మనోళ్ల మధ్యనే తిరుగుతయి. పర్మిషన్ల పని ఒక్కటే బయటి ఆఫీసులకు తీస్కపోతది.

స్కూల్ ఆడిటోరియం అయితే స్కూల్ డిస్ట్రిక్టుకు దరఖాస్తు పెట్టాలె. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతరు, మామూలుగా 10 లక్షల డాలర్లకు, అందులో డిస్ట్రిక్టు పేరు కూడా ఎక్కాలె. దరఖాస్తు ఎక్కువసార్లు తిరిగొచ్చేది ఇక్కడనే. సంఘాన్ని మనం పిలిచే పేరు ఒకటి, రిజిస్టర్ అయిన పేరు ఇంకొకటి ఉంటది. దరఖాస్తుల ఒకటి, సర్టిఫికెట్ల ఒకటి రాస్తే వారం పోతది.

పార్కుల ఆడితే నీకు ఇంకా మేలు. సిటీ పార్కుల శాఖకు పోవాలె, పార్కింగ్ ప్లాను గీసియ్యాలె, పెద్ద టెంటు వేస్తే ఫైర్ వాళ్ల అనుమతి. బతుకమ్మలను అక్కడి చెరువుల వదలొచ్చా అని ముందే అడగాలె. పూలు, పసుపు నీళ్లల్ల కలుస్తయి కాబట్టి చాలా చోట్ల ఒప్పుకోరు, గాలి నింపే ఈత తొట్టి పెట్టుకోవాల్సొస్తది. ఆ మాట మాట్లాడేది వాన నీటి విభాగంతోటి, అంటే నీ లైనువాళ్లతోనే.

వనపర్తి_వనజ:
మధ్యల అడుగుతున్న, ఏమనుకోకుర్రి. నేను హెచ్4 మీద ఉన్న, పని పర్మిట్ లేదు. సంఘం కోశాధికారిగా ఉండమంటున్నరు. ఉండొచ్చా?

దేవరకొండ_పీఈ:
వనజక్కా, లాభాపేక్ష లేని సంఘంలో ఎప్పుడూ జీతం లేకుండ నడిచే బాధ్యత అయితే మామూలుగా ఇబ్బంది లేదు. గౌరవ వేతనం, గిఫ్ట్ కార్డు అంటే తీసుకోవద్దు. సంతకం పెట్టేముందు వీసా లాయరును ఒక మాట అడుగు.

మిర్యాలగూడ_సివిల్:
అక్కా, సిటీ ఇంజనీరు కలిస్తే రెజ్యూమె ఇచ్చెయ్యాల్నా?

పాలమూరు_అక్క:
వద్దు. మన పర్మిట్ ఆయన చేతిల ఉన్నప్పుడు ఉద్యోగం అడిగితే ఆయనను ఇరుకున పెట్టినట్టైతది. పండుగ అయినంక వారం లోపల నాలుగు మాటల మెయిల్ రాయి, మీ విభాగం పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడొచ్చా అని అడుగు. సిటీ డ్రైనేజీ డిజైన్లు ఏయే కన్సల్టెంట్లకు పోతయో తెలుసుకో.

దేవరకొండ_పీఈ:
ఆ పేర్లు సిటీ కౌన్సిల్ ఎజెండాలల్ల కూడా దొరుకుతయి, ఎవరైనా చూడొచ్చు. పోయిన ఏడాది ఎజెండాలు తిరగేసి, డ్రైనేజీ కాంట్రాక్టులు పొందిన ఐదారు కంపెనీల పేర్లు రాసుకో. తర్వాత అమెరికా సివిల్ ఇంజనీర్ల సొసైటీ ఏఎస్‌సీఈ డాలస్ బ్రాంచి మీటింగులకు పో. విద్యార్థులకు ఏఎస్‌సీఈ సభ్యత్వం ఉచితం, చదువు అయిపోకముందే తీసుకో. ఆ కంపెనీలవాళ్లు అక్కడ భోజనాల దగ్గర కలుస్తరు. "మీ ఫలానా కాలువ పని చూసిన" అంటే మాట సాగుతది. సంఘంల నేర్చిన హాలు బుకింగ్ పని అక్కడి కమిటీలకూ అక్కరొస్తది.

సూర్యాపేట_శ్రీను:
కొత్తగా వచ్చిన పిల్లగానికి పర్మిషన్ల పని ఇస్తరా? పెద్ద సంఘాలల్ల ఆ కుర్చీ పాతోళ్లు వదలరు. కుర్చీలు మోయడంతోనే ఏడాది గడుస్తది.

పాలమూరు_అక్క:
పెద్ద సంఘంల అట్లనే ఉంటది. నలభై, యాభై కుటుంబాల చిన్న సంఘం చూసుకో. అక్కడ ఆఫీసుల చుట్టు తిరిగే మనిషి దొరకక ఆగుతరు.

సూర్యాపేట_శ్రీను:
చిన్న సంఘాలు పార్కుదాకా ఎక్కడ పోతయి అక్కా, ఎవరింటి వెనకాలనో ఆడుకుంటరు. నేనైతే ముందు ఏఎస్‌సీఈ, తర్వాతే సంఘం అంట.