పైనుండి పడిన కుండీ: నిర్లక్ష్యాన్ని ఎవరు నిరూపించాలి?

కూకట్‌పల్లి నివాసి:
గత నెలలో మా మేనమామ ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ముందు కాలిబాట మీద నడుస్తుండగా పైనుండి సిమెంటు పూలకుండీ పడి ఆయన భుజం దగ్గరి ఎముక విరిగింది. అది ఏ బాల్కనీ నుండి పడిందో చూసినవారు లేరు. ఏ ఫ్లాటుదో మీరే తేల్చుకొని రండి అని అసోసియేషన్ వారు అంటున్నారు. ఇలాంటి వాటికి ‘రెస్ ఇప్సా లోక్విటర్’ అనే సూత్రం ఉందని ఒకరు చెప్పారు. అది మాకు ఎంతవరకు పనికివస్తుంది?

ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని:
ఆ మాటకు ‘జరిగినదే చెబుతోంది’ అని అర్థమండీ. నిర్లక్ష్యం లేకుండా కుండీ పడదు కనుక రుజువు భారం అవతలివారి మీదికి వెళ్తుంది. ఫ్లాటు యజమానులందరినీ ప్రతివాదులుగా చేర్చి దావా వేయండి, తమ తప్పు లేదని వారే నిరూపించుకోవాలి.

సివిల్ వకీలు, రాజమండ్రి:
అమ్మా, మీరు చెప్పినదానిలో మొదటి సగం సరైనదే. రెండో సగాన్ని నమ్ముకొని దావా వేస్తే మాత్రం చిక్కు వస్తుంది. ఈ సూత్రానికి మూలమైన 1863 నాటి బర్న్ వర్సెస్ బోడిల్ కేసును చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. లివర్‌పూల్‌లో పిండి వ్యాపారి దుకాణం ముందు నడుస్తున్న బర్న్ మీద, పై కిటికీ నుండి పిండి పీపా పడింది. ఆ తరువాత ఏం జరిగిందో ఆయనకు గుర్తు లేదు. పీపా పడడం చూసిన సాక్షులు ఉన్నారు గాని, అది తాడు తెగి పడిందో, పనివాడి చేయి జారి పడిందో చెప్పగలిగినవారు లేరు. నిర్లక్ష్యానికి సాక్ష్యం లేదని కింది కోర్టులో దావా నిలవలేదు. అయితే పై కోర్టులో ప్రధాన న్యాయమూర్తి పొలాక్, గిడ్డంగిలోని పీపా ఎవరి అజాగ్రత్తా లేకుండా దొర్లి బయట పడదనీ, గాయపడినవాడే గిడ్డంగి పనివారిని సాక్షులుగా తేవాలనడం అసంగతమనీ అన్నారు. బర్న్‌కు 50 పౌండ్లు దక్కాయి.

ఆ తీర్పు నిలబడింది పీపా పడడం వల్ల మాత్రమే కాదు, ఆ గిడ్డంగి, పీపాలు, పనివారు అందరూ ఆ ఒక్క వ్యాపారి అజమాయిషీలో ఉండడం వల్ల. అజమాయిషీ ఎవరిదో తెలియని చోట సూత్రం తడబడుతుంది. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసిన సంబరాల రోజున, శాన్ ఫ్రాన్సిస్కోలోని సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ పక్కన నడుస్తున్న ఒకావిడ మీద పెద్ద కుర్చీ పడింది. గదుల్లోని సామాను అతిథుల చేతిలో కూడా ఉంటుంది కనుక హోటల్‌కు మాత్రమే దాని మీద అదుపు ఉందనలేమని కోర్టు 1948లో ఆ సూత్రాన్ని వర్తింపజేయలేదు. మీ పన్నెండు ఫ్లాట్లో, పదహారు ఫ్లాట్లో, వాటి విషయంలోనూ ప్రతి యజమానీ ఇదే వాదన చేస్తాడు.

విజయవాడ దుకాణదారు:
మా బోర్డు గాలివానకు ఊడి ఒకరి స్కూటర్ మీద పడింది. బీమా వారు డబ్బు ఇవ్వబోమని అంటున్నారు. ఈ సూత్రం ప్రకారం బీమా కంపెనీ మీద కేసు వేయవచ్చునా?

సివిల్ వకీలు, రాజమండ్రి:
బీమా మాట పాలసీ షరతులను బట్టి తేలుతుందండీ, ఇది వేరే విషయం. మీరు స్కూటర్ యజమాని వైపు నుండి చూడండి: బోర్డు మీ అజమాయిషీలోనిది కనుక సూత్రం మీ మీదే నడుస్తుంది. గాలివాన అసాధారణమైనదని, బోల్టులను క్రమంగా చూసుకున్నామని మీరు నమ్మదగిన వివరణ ఇస్తే, నిర్లక్ష్యం ఉందని చూపవలసిన పని మళ్లీ అతని మీదికి వెళ్తుంది. భారం పూర్తిగా తిరగబడదు, ఒక ఊహకు అవకాశం కలుగుతుంది, అంతే.

ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని:
మరి ఢిల్లీ గడియారపు స్తంభం కేసులో సుప్రీంకోర్టు అంత గట్టిగా ఎందుకు నిలబడింది సార్?

సివిల్ వకీలు, రాజమండ్రి:
చాందినీ చౌక్‌లో కూలి జనం మీద పడిన ఆ కట్టడం ఢిల్లీ మున్సిపల్ సంస్థ ఒక్కదానిదే. అది 80 ఏళ్లది, వాడిన గారను బట్టి దాని ఆయుష్షు 40, 45 ఏళ్లేనని ఇంజనీరు సాక్ష్యం చెప్పాడు. లోపం బయటికి కనబడలేదన్న వాదన పనిచేయలేదు. దారి పక్కన కట్టడం ఉన్నవాడికి దాని లోపల దాగిన లోపాలకు కూడా బాధ్యత ఉంటుందని 1966లో కోర్టు చెప్పింది. అందుకే కట్టడం కూలడం, కట్టడంలో ఉన్న ఒకరి వస్తువు పడడం రెండూ ఒకటి కావు.

కూకట్‌పల్లి నివాసి:
ఒక మాట నేను మొదట చెప్పలేదు. విరిగిన ముక్కల మీద ముదురు ఎరుపు రంగు ఉంది. పైకప్పు పిట్టగోడ మీద అసోసియేషన్ వరుసగా పెట్టించిన కుండీలకు కూడా అదే రంగు, వాటికి వాచ్‌మన్ నీళ్లు పోస్తాడు. వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది.

సివిల్ వకీలు, రాజమండ్రి:
అయితే మీ కేసు బర్న్ వైపు జరిగింది. పైకప్పు ఎవరి ఫ్లాటుకూ చెందదు, కుండీలు అసోసియేషన్ అజమాయిషీలోనివి. ఆ ఖాళీ చోటును, ముక్కలను తేదీ కనబడేలా ఫొటోలు తీసి, ముక్కలను దాచి ఉంచండి. పిల్లలు ఎక్కి తోశారని వారు అంటే, పైకప్పు తలుపుకు తాళం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. దానికి జవాబు నా దగ్గర లేదు.

కూకట్‌పల్లి నివాసి:
తాళం ఉంది. తాళం చెవి మాత్రం కింద వాచ్‌మన్ గది మేకుకు వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు.

ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని:
అలా వదలడం కూడా నిర్లక్ష్యమే కదా సార్?

సివిల్ వకీలు, రాజమండ్రి:
అలాగే వాదిస్తాను. ఒప్పుకునే న్యాయమూర్తులూ ఉంటారు, ఒప్పుకోనివారూ ఉంటారు.