చైన్ రూల్: సంయుక్త ప్రమేయంగా చెప్పాలా, "లోపలిది గుణించు" అంటే చాలా?

గాజువాక ట్యూషన్ మేడం

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్తాను. sin²(3x)ని అవకలనం చెయ్యమంటే సగం మంది 2 sin 3x cos 3x దగ్గర ఆగిపోతున్నారు. 3 ఏదమ్మా అంటే "మర్చిపోయాను మేడం" అంటారు. చైన్ రూల్‌ని మొదటి నుంచీ f∘g రూపంలో, సంయుక్త ప్రమేయంగా చెప్పాలా? లేక "బయటిది చేసి లోపలిది గుణించు" అని అలవాటు చేయిస్తే చాలా? మీరేమంటారు?

ద్వారకానగర్ కోచింగ్

అలవాటే చాలండి. ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, అందులో లెక్కలే 80. ఆ టెన్షన్‌లో f∘g అని రాసుకుంటూ కూర్చునే టైం ఎవరికీ ఉండదు. dy/dx = dy/du · du/dx అని రాయించండి. పైన du, కింద du కొట్టేసుకుంటాయి, పిల్లలకు కంటికి కనిపిస్తుంది. సంయుక్త ప్రమేయాలు వేరే చాప్టర్, వాటిని ఇక్కడికి లాగితే బలహీనంగా ఉన్న పిల్లలు ఇంకా బెదిరిపోతారు.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు

మేడం గారూ, మీ పిల్లలు మర్చిపోయారని నాకు అనిపించడం లేదు. వాళ్ల జవాబును ఒకసారి జాగ్రత్తగా చూడండి. వర్గం బయటిది, దాన్ని చేస్తే 2 sin 3x వచ్చింది. లోపలిది sin, దాన్ని చేస్తే cos 3x వచ్చింది, గుణించారు. అంటే "బయటిది చేసి లోపలిది గుణించు" అన్న మాటను తు.చ. తప్పకుండా పాటించారు. ఆ మాటలో ఉన్నవి రెండే పొరలు. ఈ లెక్కలో మూడున్నాయి. మూడో పొర గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అందుకే పని అయిపోయిందనుకుని ఆగిపోయారు.

రెండో కారణం ఆ రాత పద్ధతి. sin²(3x) అని రాసినప్పుడు వర్గం గుర్తు మధ్యలో కూర్చుంటుంది, నిజానికి అది అన్నిటికన్నా చివర జరిగే పని. ముందు దాన్ని (sin(3x))² అని తిరగరాయించండి. దీన్ని మాత్రం నేను ఏ పిల్లవాడికీ మినహాయించను.

ఇక నేను చేయించే పద్ధతి. f∘g అన్న గుర్తు మొదటి రోజే బోర్డు మీద పెట్టక్కర్లేదు. "x = 0.1 అనుకో, కాల్కులేటర్ మీద దీని విలువ కట్టాలంటే ఏ వరుసలో నొక్కుతావు?" అని అడుగుతాను. 3తో గుణిస్తే 0.3. దానికి sin తీస్తే సుమారు 0.2955. దాన్ని వర్గం చేస్తే 0.0873. మూడు పనులు జరిగాయి, కాబట్టి జవాబులో మూడు గుణకాలు ఉండాలి. చివరి పని నుంచి వెనక్కి వస్తే 2 sin 3x, తర్వాత cos 3x, తర్వాత 3. మొత్తం 6 sin 3x cos 3x, అంటే 3 sin 6x. ఒక పని చేసి వచ్చిన ఫలితం మీద తర్వాతి పని చెయ్యడం, సంయుక్త ప్రమేయం అంటే అంతే కదా. పిల్లవాడు దాన్ని తెలియకుండానే వాడేశాడు.

తప్పు పట్టుకోవడం కూడా వాళ్ల చేతనే చేయించవచ్చు. x = 0.101 దగ్గర అదే విలువ కడితే 0.08903 వస్తుంది. 0.1 దగ్గర 0.08733 ఉండేది. తేడాను 0.001తో భాగిస్తే 1.70. మన జవాబు 3 sin 0.6 అంటే 1.69. పిల్లల జవాబు sin 0.6, అంటే 0.56. ఏది నిజమో అంకెలే చెప్తాయి. కాల్కులేటర్ రేడియన్లలో ఉండాలి, అది చూసుకోండి.

ద్వారకానగర్ కోచింగ్

మాస్టారూ, రెండు పొరల మాట ఒప్పుకుంటాను. కానీ అది నా పద్ధతిలోనూ సరిపోతుంది. u = 3x, v = sin u, y = v². dy/dx = dy/dv · dv/du · du/dx. ఎన్ని పొరలున్నా వరుసగా కొట్టేసుకుంటూ పోవడమే. భిన్నాలు కొట్టెయ్యడం ఆరో తరగతి పని. దీనికి సంయుక్త ప్రమేయం ఎందుకు?

మద్దిలపాలెం లెక్కల మాస్టారు

మీరు u, v అని విడివిడిగా రాయించడం మంచి పని, నేనూ రాయిస్తాను. నా అభ్యంతరమల్లా కొట్టెయ్యడాన్నే కారణంగా చెప్పడం మీద. అలా నమ్మిన పిల్లవాడు రెండో అవకలజం దగ్గర పడిపోతాడు.

y = u², u = x³ తీసుకోండి. y = x⁶ అని మనకు తెలుసు కాబట్టి రెండో అవకలజం 30x⁴. ఇప్పుడు కొట్టేసే అలవాటున్న పిల్లవాడు ఏం రాస్తాడు? u ప్రకారం y రెండో అవకలజం 2, du/dx వర్గం 9x⁴, రెండూ గుణిస్తే 18x⁴. ఇంకో 12x⁴ ఎక్కడికి పోయింది? మొదటి అవకలజం 2u · 3x². అది ఒక లబ్ధం, అందులో రెండు ముక్కలూ x మీదే ఆధారపడి ఉన్నాయి. 2uని కదిపితే 18x⁴ వస్తుంది, 3x²ని కదిపితే 2x³ · 6x, అంటే ఆ 12x⁴. భిన్నాల ఆటలో ఈ రెండో ముక్క కనిపించదు.

ఇంకొకటి. బయటి అవకలజాన్ని ఎక్కడ లెక్కించాలో du గుర్తు చెప్పదు. g(1) = 3, g'(1) = 4, f'(1) = 5, f'(3) = 2 అని ఇచ్చి, f(g(x)) అవకలజం x = 1 దగ్గర ఎంత అని అడిగి చూడండి. చాలామంది 5ని 4తో గుణించి 20 అంటారు. f చేతికి అందింది 1 కాదు, g ఇచ్చిన 3. అందుకని 2ని 4తో గుణించాలి, జవాబు 8. లోపలి అవకలజం మర్చిపోవడం అందరికీ తెలిసిన తప్పు. బయటిదాన్ని తప్పు చోట లెక్కించడం అంతకన్నా దొంగ తప్పు, ఎందుకంటే గుణకాల సంఖ్య సరిగ్గానే ఉంటుంది.

పోర్టు ఏరియా ఇంజినీరు

నాది వేరే అనుభవం, కానీ విషయం ఇదే అనిపించి రాస్తున్నాను. క్రేన్ బూమ్ 40 మీటర్లు, కోణం సెకనుకు అర డిగ్రీ చొప్పున లేస్తోంది. 60 డిగ్రీల దగ్గర బూమ్ కొన ఎంత వేగంతో పైకి వెళ్తుంది? కొన ఎత్తు 40 sin θ. మా దగ్గర ఒక కుర్రాడు ఎక్సెల్‌లో 40 cos 60° ని 0.5తో గుణించి సెకనుకు 10 మీటర్లు అని తెచ్చాడు. లోపలి అవకలజం 0.5ని మర్చిపోలేదు, రాశాడు. అయినా అంత బూమ్ కొన సెకనుకు 10 మీటర్లు లేస్తుందా?

అందులో కనపడని పొర ఒకటుంది. sin అవకలజం cos అనేది రేడియన్లలోనే నిజం. డిగ్రీలను ముందు π/180తో గుణించి రేడియన్లు చేస్తాం, అదీ ఒక పనే. దాన్ని కలిపితే 20 × 0.01745 × 0.5, అంటే సెకనుకు దాదాపు 0.17 మీటర్లు. సరిచూడటం తేలిక: పడుకున్న బూమ్ 60 డిగ్రీలకు రావడానికి 120 సెకన్లు పడుతుంది, ఆలోగా కొన 34.6 మీటర్లు లేస్తుంది. సగటు 0.29. పైకి వెళ్లేకొద్దీ లేచే వేగం తగ్గుతుంది కాబట్టి 0.17 నమ్మదగ్గది. పరీక్ష సంగతి నాకు తెలియదు గానీ, కాగితం మీద పొరలు రాసుకోనివాడికి ఈ π/180 ఎప్పటికీ కనపడదు.

మురళీనగర్ నాన్న

మా పాప నిన్న x² sin xకి 2x cos x అని రాసింది. ఇదీ చైన్ రూల్ తప్పేనా అండి? లోపలిది ఏది, బయటిది ఏది?

ఏయూ బీటెక్ సెకండియర్

అంకుల్, అది లబ్ధం. చైన్ రూల్ కాదు, uv సూత్రం కావాలి: 2x sin x + x² cos x. మాస్టారు చెప్పిన కాల్కులేటర్ వరుసతోనే తేడా తెలిసిపోతుంది. sin(x²) అయితే xని ఒక్కసారే కొడతాం, తర్వాత అన్నీ వచ్చిన ఫలితం మీద చేసే పనులే. x² sin xలో xని రెండుసార్లు కొట్టాలి, రెండు ఫలితాలను చివర గుణించాలి. అలాంటిది ఒకే గొలుసు కాదు.

మాస్టారూ, మీ లెక్కను నేను ఇంకాస్త పెంచి చూశాను: ln(1 + sin²(3x)). పనులు ఐదు: 3తో గుణించడం, sin, వర్గం, 1 కలపడం, ln. కానీ చివరి జవాబు 3 sin 6x / (1 + sin²(3x)). నాకు గుణకాలు నాలుగే కనిపిస్తున్నాయి. ఐదోది ఏమైంది?

మద్దిలపాలెం లెక్కల మాస్టారు

1 కలపడం అనే పనికి అవకలజం 1 తమ్ముడూ. గుణకం ఉంది, కనపడదంతే. అసలు ఈ రోగానికి మూలం కూడా ఆ 1 లోనే ఉంది. పట్టికలో sin xకి cos x, ln xకి 1/x అని నేర్పేటప్పుడు లోపల ఉన్నది వట్టి x, దాని అవకలజం 1. వారాల తరబడి ఆ 1ని రాయకుండా అలవాటైన చెయ్యి, 3x వచ్చిన రోజు కూడా ఏమీ రాయదు. అందుకే మొదటి వారం పట్టిక లెక్కల్లో కూడా "· 1" రాయిస్తాను. మేడం గారూ, మీరూ చేయించి చూడండి.

ద్వారకానగర్ కోచింగ్

f'(3), f'(1) ప్రశ్న న్యాయంగా ఉంది, అలాంటివి పరీక్షల్లో వస్తాయి. రెండో అవకలజం సంగతి కూడా క్లాసులో విడిగా చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ ప్రతి పట్టిక లెక్కకూ "· 1" రాయించడం నా క్లాసులో కుదరదు. 60 మంది పిల్లలు, పోర్షన్ పూర్తి చెయ్యాలి. నేను u, vలతోనే మొదలుపెడతాను, సంయుక్త ప్రమేయం మాట తర్వాత చెప్తాను. మొదట అర్థం, తర్వాత వేగం అని మీరంటారు. వేగం వచ్చాక అర్థం ఎక్కిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

గాజువాక ట్యూషన్ మేడం

నా పిల్లలు పదిమందే కాబట్టి "· 1" నాకు కుదురుతుంది, సోమవారం నుంచే రాయిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. x² + y² = 25లో y²కి 2y అని వదిలేసి dy/dx రాయరు. అక్కడ yకి కాల్కులేటర్ వరుస ఏం చెప్పను? y ఎలా వస్తుందో వాళ్లకు తెలియదు కదా.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు

y అనేది లోపల ఏముందో తెలియని ఒక పెట్టె అని చెప్పండి. x వేస్తే y వస్తుంది, ఆ పని జరిగిందన్నది మాత్రం తెలుసు, దాని అవకలజానికి y' అని పేరు పెడతాం. తర్వాతి పని వర్గం. రెండు పనులు, రెండు గుణకాలు: 2y · y'. (3, 4) దగ్గర 6 + 8y' = 0, y' = −3/4. వృత్తంలో ఆ బిందువుకు గీసిన వ్యాసార్ధం వాలు 4/3, స్పర్శరేఖ దానికి లంబం, సరిపోయింది.

ద్వారకానగర్ కోచింగ్

ఇక్కడ మాత్రం నా పద్ధతే సులువు మేడం. y² ని x ప్రకారం చెయ్యాలంటే ముందు y ప్రకారం చేసి 2y, పక్కన dy/dx. పెట్టె గురించి చెప్పేలోగా పిల్లలు మూడు లెక్కలు చేసేస్తారు.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు

చేసేస్తారు, నిజమే. అదే పిల్లలను రెండో అవకలజం y'' కట్టమని అడిగి ఇక్కడ రాయండి. 2y · y' ని మళ్లీ అవకలనం చేస్తూ ఎంతమంది (y')² పదం వదిలేశారో చూసి మాట్లాడుకుందాం.