"డిడ్ యూ వెంట్" ఎక్కణ్ణుంచి వస్తోంది? మన "ఆ" ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలి?

గుంటూరు స్పోకెన్ క్లాసు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటా, డిగ్రీ అయిపోయి ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలే ఎక్కువ. వీళ్ళు "డిడ్ యూ వెంట్", "డజ్ హీ నోస్", "వేర్ యూ ఆర్ గోయింగ్" ఈ మూడూ చచ్చినా వదలట్లేదండి. రూల్ చెప్పమంటే గడగడా అప్పజెప్తారు, నోరు తెరిస్తే మళ్ళీ మొదటికే. ఇది బద్ధకం కాదు, తెలుగులో మనం ప్రశ్న వేసే పద్ధతే లోపల్నుంచి లాగుతోందని నా అనుమానం. తెలుగులో అసలు ప్రశ్న ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్తారా?

వరంగల్ తమ్ముడు:
గింతేనా సార్, చాలా సింపుల్. చివర్ల "ఆ" పెడితే ప్రశ్న అయితది. వచ్చిండు, వచ్చిండా. ఎవరు, ఏంది, ఏడికి లాంటి మాట ముందే ఉంటే "ఆ" అక్కర్లేదు, రెండూ ఒక్క దగ్గర రావు. ఇంగ్లీషుల అయితే మాటలు తిప్పాలె. అంతకు మించి ఏం లేదు.

నెల్లూరు అమ్మమ్మ:
బాబూ నాదీ ఇదే సమస్య, రాముడు దశరథుడికి ఎన్నో కొడుకు అనేదాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలి అని మా మనవడు ప్రాణం తీస్తన్నాడు. అడగనే అడగలేం అంటన్నాడు, నిజమేనా?

గుంటూరు స్పోకెన్ క్లాసు:
అమ్మా, ఆ ప్రశ్న ప్రతి గ్రూపులోనూ నెలకోసారి తిరుగుతుందండి. "ఎన్నో" కి వాళ్ళ దగ్గర ఒక్క మాట లేదు, చుట్టూ తిప్పి అడగాల్సిందే. నేను అడిగేది మాటల గురించి కాదు, ప్రశ్న కట్టే తీరు గురించి.

రిటైర్డు తెలుగు మాస్టారు:
క్లాసు బాబూ, మీ అనుమానం నిజమే. "వెళ్ళావు" తీసుకోండి, అందులో జరిగిపోయిందన్న సంగతి ఉంది, ఎదుటి మనిషి నువ్వు అన్న సంగతీ ఉంది, క్రియ పని అక్కడికి పూర్తయిపోయింది. ఆ తర్వాత బయటినుంచి "ఆ" వచ్చి అంటుకుంటుంది. ఉకారం ఒక్కటి పోతుందిగానీ లోపల కాలం కదలదు, మనిషి మారడు. అంటే తెలుగువాడికి ప్రశ్న అంటే తయారైన వాక్యానికి తగిలించే ఒక తోక. ఇప్పుడు మీ కుర్రాడి బుర్రలో "యూ వెంట్" అని తయారైన వాక్యం ఉంది, దానికి "డిడ్" తగిలించాడు. వాడి లెక్కలో డిడ్ అంటే "ఆ", కాకపోతే ఇంగ్లీషువాడు ముందు పెడతాడని విన్నాడు కాబట్టి ముందు పెట్టాడు. తెలుగు లెక్కన వాడు చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

ఇంగ్లీషులో డిడ్ తోక కాదు. జరిగిపోయిందన్న సంగతిని క్రియ నుంచి లాగేసుకుని తను మోస్తుంది, అందుకే వెంట్ కాస్తా గో అయి మిగులుతుంది. రెండూ మోస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు.

గుంటూరు స్పోకెన్ క్లాసు:
మాస్టారూ, ఇది భలే పట్టుకున్నారు. మరి క్లాసులో దీన్ని ఎలా దించాలి? రూల్ గా చెప్తే లాభం లేదు.

రిటైర్డు తెలుగు మాస్టారు:
ఒక్కసారే తిప్పించకండి, మధ్యలో ఒక మెట్టు పెట్టండి. ముందు "హీ నోస్" అనిపించండి. తర్వాత ఎవరో కాదన్నట్టు, వీడు గట్టిగా నొక్కి చెప్తున్నట్టు "హీ డజ్ నో" అనిపించండి, అంటే మనం "వాడికి తెలుసు కదా" అన్నట్టు. ఇక్కడ నోస్ లో ఉన్న "స్" ఎక్కడికి పోయిందిరా అని అడగండి. డజ్ లోకి దూకిందని వాడి కళ్ళతో వాడే చూస్తాడు. ఆ తర్వాతే హీ ని, డజ్ ని అటూఇటూ మార్పించండి. అలాగే "యూ వెంట్", "యూ డిడ్ గో", "డిడ్ యూ గో". మధ్య మెట్టు నోటికి అలవాటైతే "డిడ్ యూ వెంట్" అనబోయినా నాలుక ఆగుతుంది.

"హూ కేమ్" లాంటివి మాత్రం ఈ మెట్టు ఎక్కించకండి. వచ్చింది ఎవరని అడిగేటప్పుడు తిప్పడానికి ఏమీ లేదు, హూ ఉన్న చోటే కర్త ఉంది. "హూ డిడ్ కమ్" అనే పిల్లలు మీ క్లాసులో తయారైతే మీరు అతిగా తిప్పించారని అర్థం. మనకి ఎవరు, ఎవరిని అని విభక్తే తేడా చెప్పేస్తుంది, వాళ్ళు ఆ తేడా వరసలో చూపించుకోవాలి.

వరంగల్ తమ్ముడు:
మాస్టారు, నేను చెప్పింది గదే కదా, చివర్ల ఆ.

రిటైర్డు తెలుగు మాస్టారు:
చివర్లోనే అన్నావు తమ్ముడూ, అక్కడే చిక్కు. "సుబ్బారావు సోమవారం బెజవాడ నుంచి బస్సులో వచ్చాడు" అనుకో. వచ్చాడా అంటే మొత్తం మీద ప్రశ్న. కానీ వచ్చాడని నాకు ముందే తెలుసు, ఏ రోజన్నదే అనుమానం, అప్పుడు "సోమవారమా సుబ్బారావు వచ్చింది?" అంటాను. మనిషి మీద అనుమానమైతే "సుబ్బారావా సోమవారం వచ్చింది?" ఊరి మీదైతే "బెజవాడ నుంచా వచ్చింది?" బండి మీదైతే "బస్సులోనా వచ్చింది?" అనుమానం ఎక్కడుంటే "ఆ" అక్కడికే వెళ్ళి కూర్చుంటుంది. ఇంగ్లీషులో డిడ్ కి ఆ స్వేచ్ఛ లేదు, అది ముందే ఉంటుంది. ఏ రోజన్నదే అనుమానమైతే మాటలో మండే మీద గొంతు పెంచుకుంటారు, లేకపోతే "వజ్ ఇట్ ఆన్ మండే దట్" అని వాక్యాన్ని రెండుగా చీల్చుకుంటారు.

విశాఖ ప్రూఫ్ రీడరు:
మాస్టారూ ఒక్క నిమిషం. "సుబ్బారావా వచ్చింది" తప్పు కదండీ? సుబ్బారావు మగాడు, వచ్చాడు అనాలి. ఇలాంటివి నేను రోజూ దిద్దుతుంటా.

రిటైర్డు తెలుగు మాస్టారు:
దిద్దకండి బాబోయ్. అక్కడున్న "వచ్చింది" ఆడమనిషిది కాదు, "వచ్చినది", అంటే వచ్చిన సంగతి. "వచ్చింది ఎవరు?" అని మీరూ అంటారుగా, వచ్చింది మగాడైనా సరే. "ఆ" క్రియని వదిలి ఇంకో మాట మీదికి పోగానే క్రియ ఇలా పేరులా మారిపోతుంది. అలా మారిందంటే వచ్చిన సంగతి ఇద్దరికీ ఒప్పుదలే, గొడవ మిగతాదాని మీదే అని గుర్తు. సుబ్బారావు బదులు పదిమంది వచ్చినా "వాళ్ళా వచ్చింది?" అనే అంటాం, "వచ్చినవి" అనం.

విశాఖ ప్రూఫ్ రీడరు:
మరి "బస్సులోనా వచ్చాడు?" అని కూడా అంటాం కదా, ఆశ్చర్యపోతూ. మా ఇంట్లో అంటాం. అది తప్పంటారా?

రిటైర్డు తెలుగు మాస్టారు:
నా చెవికి "బస్సులోనా! బస్సులో వచ్చాడా!" అని రెండు ముక్కలుగా వినిపిస్తుంది. మీ వైపు ఒకటే వాక్యంగా నడుస్తుందేమో, నేను తప్పనను.

డాలస్ అమ్మ:
మా ఇంట్లో దీనికి పూర్తిగా ఉల్టా అండి! మా పాప ఇక్కడే పుట్టింది, తెలుగు బానే మాట్లాడుతుంది కానీ "ఎందుకు నువ్వు రాలేదా?", "ఎక్కడ డాడీ వెళ్ళాడా?" అంటుంది. ఎందుకు ని ముందుకి లాగేస్తుంది, పైగా చివర ఆ కూడా పెడుతుంది. మా అత్తగారు ఫోన్లో విని నవ్వుతారు, అది అలుగుతుంది. ఎలా మాన్పించాలో తెలీట్లా.

రిటైర్డు తెలుగు మాస్టారు:
అమ్మా, మీ పాప గుంటూరు కుర్రాడికి అద్దంలో బొమ్మ. ఇంగ్లీషులో "వై" ఒక్కటీ చాలదు, పక్కన డిడ్ కూడా కావాలి. ఆ డిడ్ కి బదులుగా "ఆ" తెచ్చి పెట్టుకుంది. తప్పని చెప్పకండి, మీరు జవాబు చెప్పేటప్పుడు జవాబు మాట ప్రశ్న మాట ఉన్నచోటే పెట్టి చెప్పండి. "డాడీ ఎక్కడికి వెళ్ళాడు? డాడీ ఆఫీసుకి వెళ్ళాడు." ఎక్కడికి ఉన్న చోట ఆఫీసుకి వచ్చి కూర్చుంది, ఇంకేదీ కదల్లేదు. ఆటలాగా ఆడిస్తే పట్టుకుంటుంది. చోటు మార్చినా మనకి తప్పు కాదు, "ఎక్కడికి వెళ్ళాడు డాడీ" అనీ అంటాం, కానీ చివర ఆ మాత్రం రాదు.

ఒంగోలు కోడలు:
రాదా? "కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని వెతుకుతున్నా" అని మా మావయ్యగారు రోజుకోసారి అంటారండి. ఎక్కడ ఉంది, ఆ కూడా ఉంది. తలుపు చప్పుడైతే "ఎవరా అని చూశా" అనమా?

వరంగల్ తమ్ముడు:
అక్కా అది అని తోటి కదా, అది లెక్కల్కి రాదు.

రిటైర్డు తెలుగు మాస్టారు:
లెక్కలోకి వస్తుంది తమ్ముడూ, కోడలమ్మ మంచిది పట్టుకున్నారు. అయితే "అని" ఒక్కటే కారణం కాదు. "ఎక్కడ పెట్టావని అత్తయ్య అడిగింది" అంటాం, అక్కడ "అని" ఉంది, "ఆ" లేదు. ఎదుటివాళ్ళని అడిగితే ఆ రాదు, మనల్ని మనమే అడుక్కుంటే వస్తుంది. ఎక్కడ పెట్టానా, ఎందుకు రాలేదా, ఏమిటా, ఇవన్నీ మనసులో నడిచే ప్రశ్నలు. డాలస్ పాప పైకి అడుగుతోంది కాబట్టే అత్తగారికి నవ్వొస్తోంది.

జవాబు తెలీదని ఒప్పుకునేటప్పుడు ఇంకోటి, "ఓ". ఎక్కడ పెట్టానో తెలీదు, వస్తాడో రాడో. గజేంద్రుడి "కలడో లేడో" కూడా ఇదే ఓ, దేవుణ్ణి నిలదీసి అడగట్లేదు, తనలో తను ఊగిసలాడుతున్నాడు. పోతనగారి దగ్గరే ఇంకో రకమూ ఉంది, మందార మకరంద పద్యంలో "మధుపంబు వోవునే" అంటాడు ప్రహ్లాదుడు. ఆ "ఏ" కూడా ప్రశ్నే, కానీ పోదు అనే జవాబు లోపలే పెట్టుకున్న ప్రశ్న. ఇప్పుడు మనం దాన్ని కూడా "పోతుందా ఏంటి?" అని ఆ తోనే లాగించేస్తున్నాం.

గుంటూరు స్పోకెన్ క్లాసు:
మాస్టారూ ఈ ఓ నాకు చాలా పనికొస్తుందండి! తిప్పడం నేర్చుకున్న పిల్లలు ఆ తర్వాత అన్నిచోట్లా తిప్పేస్తున్నారు, "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అని. తెలుగులో "ఓ" వచ్చే చోట, "అని" వచ్చే చోట ఇంగ్లీషులో తిప్పొద్దు అని చెప్పేస్తా.

రిటైర్డు తెలుగు మాస్టారు:
ఓ వరకు ధైర్యంగా చెప్పండి. "ఎక్కడున్నాడో తెలీదు", ఓ ఉంది, తిప్పొద్దు, "వేర్ హీ ఈజ్". "అని" దగ్గర మాత్రం జాగ్రత్త. "నువ్వెక్కడున్నావ్ అని అడిగాడు" లో వాడి మాటని ఉన్నదున్నట్టు కొటేషన్లో పెడితే "వేర్ ఆర్ యూ" అని తిప్పాల్సిందే, మన మాటగా చెప్తే "వేర్ ఐ వజ్". తెలుగులో "అని" రెంటికీ ఒకటే కాబట్టి అది మీకు ఏమీ చెప్పదు.

వరంగల్ తమ్ముడు:
సరే మాస్టారు, ఇంకొకటి. హోటల్ల "కాఫీనా టీనా" అని అడుగుతరు, పుస్తకాల్ల "కాఫీయా టీయా" అని ఉంటది. ఏది కరెక్టు? నకారం ఏడికెళ్ళి వచ్చింది?

విశాఖ ప్రూఫ్ రీడరు:
యా నే కరెక్టు. నా అంటే "నా కాఫీ" అన్నట్టుంటుంది.

ఒంగోలు కోడలు:
మరి బస్సులోనా అన్నప్పుడు న ని ఎవరూ దిద్దలేదేం? మా ఇంట్లో నా నే అండి, యా అంటే వార్తలు చదువుతున్నట్టుంటుంది.

రిటైర్డు తెలుగు మాస్టారు:
బస్సులోనా లో నకారం "లోన్" అనే పాత రూపం నుంచే మిగిలి ఉండొచ్చు, కాఫీకి అలాంటి పాత రూపం ఎక్కడిది. దీర్ఘం తర్వాత ఆ పెట్టాలంటే మధ్యలో ఏదో ఒకటి అడ్డం కావాలి, కొందరు య వేస్తారు, కొందరు న వేస్తారు. మీమీ ఊళ్ళలో "సినిమానా" అంటారో "సినిమాయా" అంటారో ఊరి పేరుతో సహా రాయండి, చూద్దాం.

నెల్లూరు అమ్మమ్మ:
మా నెల్లూర్లో సినిమానా అనే అంటాం. అది సరేగానీ రాముడు ఎన్నో కొడుకు సంగతి ఎవరూ చెప్పరే, మనవడు ఇక్కడే కూచున్నాడు.